ఇంట్లో జరిగిన మరణం, ఏళ్ల తరువాత నమోదు: ఎవరిని అడగాలి, ఏం చూపాలి?

ప్రశ్న: మా నాన్నగారు 2016 జూన్‌లో చనిపోయారు. పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచాక, ఇక లాభం లేదని చెప్పడంతో రాత్రిపూట అంబులెన్సులో ఊరికి తీసుకొచ్చారు. ఇంటికి చేరిన గంటన్నరకు పోయారు. అప్పుడు అమ్మ, అన్నయ్య దగ్గరున్నారు, నేను హైదరాబాదు నుంచి మర్నాడు చేరాను. పంచాయతీలో ఎవరూ రాయించలేదు. ఇప్పుడు పొలం వారసుల పేరిట మార్చడానికి మరణ ధ్రువపత్రం కావాలన్నారు. ఆసుపత్రివాళ్లు తమ దగ్గర చనిపోలేదంటున్నారు, పంచాయతీవాళ్లు ఏడాది దాటింది కనుక తమ చేతిలో లేదంటున్నారు, తెలిసిన ఒకాయన కోర్టుకు వెళ్లమంటున్నారు. కర్మ కార్డులో 14వ తేదీ మంగళవారం అని ఉంది, పంచాయతీ పింఛను పుస్తకంలో 15 అని ఉంది. మేము ఎవరిని అడగాలి? ఏ ఆధారాలు చూపాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఆసుపత్రివారు, పంచాయతీవారు మీకు చెప్పిన రెండు మాటలూ సరైనవే. కోర్టుకు వెళ్లమన్న సలహా మాత్రం పాతది. ఒకప్పుడు దానికి ఆధారం ఉండేది, ఇప్పుడు లేదు.

మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు కావాలి. చనిపోయిన వ్యక్తి స్వస్థలం ఏది, ఓటు ఎక్కడ, ఆధార్‌లో ఏ చిరునామా ఉంది అన్న వాటితో దీనికి సంబంధం లేదు. ఆసుపత్రిలో ప్రాణం పోతే సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆసుపత్రిదే. బతికి ఉండగా డిశ్చార్జి చేసి పంపిన మనిషి గురించి మాత్రం వారు మరణ సమాచారం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇంట్లో పోతే ఆ బాధ్యత ఇంటి పెద్దకు, లేదా ఆ సమయంలో ఇంట్లో ఉన్న దగ్గరి బంధువుకు ఉంటుంది. ప్రయాణంలో, అంటే నడుస్తున్న వాహనంలో మరణం జరిగితే, ఆ వాహనం మొదట ఆగిన చోట సమాచారం ఇవ్వాలని నియమం. మీ విషయంలో ఈ చివరి మాటకు ప్రాధాన్యం ఉంది. మీ నాన్నగారు ఇంటికి చేరాక పోయారని మీరు స్పష్టంగా రాశారు కనుక మీ ఊరి పంచాయతీయే సరైన చోటు. కానీ ఇన్నేళ్ల తరువాత బంధువుల్లో ఎవరో ఒకరు "తీసుకొస్తుంటే దారిలోనే పోయారు" అని యథాలాపంగా అనడం జరుగుతూ ఉంటుంది. విచారణకు వచ్చిన అధికారి చెవిన ఆ మాట పడితే మరణం జరిగిన చోటు ఏదన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల దరఖాస్తు పెట్టకముందే మీ అమ్మగారు, అన్నయ్య కూర్చుని ఆ రాత్రి జరిగింది జరిగినట్టు ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

గడువుల విషయానికి వస్తే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఆలస్యాన్ని మూడు మెట్లుగా చూస్తుంది. మరణం జరిగిన 21 రోజుల్లోపు చెబితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. 21 రోజులు దాటి, మరణం జరిగిన నాటి నుంచి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము తీసుకుని రిజిస్ట్రారే నమోదు చేస్తారు. గ్రామంలో అయితే ఆ రిజిస్ట్రారు పంచాయతీ కార్యదర్శి. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు, లేదా అందుకు నియమితుడైన అధికారి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఏడాది దాటితే అనుమతి చాలదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. చట్టంలోని 13వ సెక్షన్ పాత పాఠంలో ఇక్కడ "మొదటి తరగతి మేజిస్ట్రేటు" అని ఉండేది, కోర్టు మాట అక్కడి నుంచి వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఇప్పుడు ఆ ఉత్తర్వు ఇవ్వవలసింది జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు గాని. మన రెండు రాష్ట్రాల్లో మామూలుగా ఈ పని ఆర్డీఓ కార్యాలయంలో జరుగుతుంది. కాబట్టి మీరు వెళ్లవలసింది కోర్టుకు కాదు, ఆర్డీఓ దగ్గరికి. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ లేదా గ్రామ సచివాలయం ద్వారా దరఖాస్తు చేర్చవచ్చు.

ఏ ఆర్డీఓ అన్నది కూడా చూసుకోవాలి. మరణం జరిగిన ప్రాంతంపై అధికార పరిధి ఉన్నవారే ఉత్తర్వు ఇవ్వగలరు. మీ నాన్నగారు పోయిన తరువాత తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. వాటితో పాటు చాలా గ్రామాల రెవెన్యూ డివిజన్లు మారాయి. మీ పాస్‌పుస్తకంలో పాత డివిజను పేరు ఉండవచ్చు. దాన్ని పట్టుకుని పాత ఆర్డీఓకు పెట్టిన దరఖాస్తు కొన్ని వారాల తరువాత "మా పరిధి కాదు" అని తిరిగి వస్తుంది. మీ గ్రామం ఇప్పుడు ఏ డివిజనులో ఉందో తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకుని దరఖాస్తులో అదే రాయండి.

ఆర్డీఓకు దరఖాస్తు పెట్టేముందు చేతిలో ఉండవలసిన మొదటి కాగితం మరణానికి సంబంధించినది కాదు, నమోదు లేకపోవడానికి సంబంధించినది. దాన్ని అందరూ నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. పంచాయతీ కార్యదర్శి తన రిజిస్టర్లు వెదికి, ఫలానా వ్యక్తి మరణం మా దగ్గర నమోదై లేదు అని రాసి ఇచ్చేది అది. ఒకే మరణం రెండుసార్లు, రెండు తేదీలతో నమోదు కాకుండా చూడడమే దాని ఉద్దేశం. దీన్ని తంతుగా తీసుకోకండి. వెదికేటప్పుడు 2016తో పాటు 2017 రిజిస్టరు కూడా చూడమనండి. ఆలస్యంగా చేసిన నమోదు అది జరిగిన ఏడాది రిజిస్టరులో ఉంటుంది గాని, చనిపోయిన ఏడాది రిజిస్టరులో ఉండదు. ఇంటిపేరు ముందుగా, ఇంటిపేరు చివరగా, పిలుపు పేరుతో కూడా వెదకమని అడగండి. అప్పుడప్పుడు ఆశా కార్యకర్తో, పంచాయతీ సిబ్బందో చెప్పగా రాసి ఉంచిన నమోదు ఇంటివాళ్లకు తెలియకుండానే ఉంటుంది. అలా దొరికితే మీకు ఆర్డీఓతో పనే లేదు, నకలు తీసుకుంటే సరిపోతుంది. మీ నాన్నగారు ఆ నాలుగు రోజులు పట్టణంలో ఉన్నారు కనుక, ఆ పురపాలక సంఘం నుంచి కూడా ఇలాంటి పత్రం ఒకటి తీసుకోండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. కానీ ఆసుపత్రి పేరు మీ దరఖాస్తులో కనిపిస్తుంది కాబట్టి, అక్కడ నమోదై ఉందేమోనన్న సందేహం విచారణాధికారికి తప్పక వస్తుంది. ఆ సందేహం రాకముందే జవాబు ఫైలులో ఉండడం మేలు.

ఇక ఆధారాల విషయం. దీనికి కొంత వివరంగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. మేజిస్ట్రేటు మరణం జరిగిందన్న మాట సరైనదో కాదో పరిశీలించి ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ పరిశీలనలో నాలుగు ప్రశ్నలుంటాయి: చనిపోయిన మనిషి ఎవరు, చనిపోయారన్నది నిజమేనా, ఏ తేదీన, ఎక్కడ. చాలామంది రెండో ప్రశ్నకే కట్టలుగా కాగితాలు తెస్తారు. ఊళ్లో అందరికీ తెలిసిన మరణం విషయంలో దానిపై ఎవరికీ అనుమానం ఉండదు. చిక్కంతా తేదీ దగ్గర, చోటు దగ్గర, పేరు దగ్గర వస్తుంది.

ఈ ప్రశ్నలకు మీరు ఇప్పుడు రాయించుకునే కాగితాల కన్నా, ఆనాడు పుట్టిన కాగితాలకు ఎన్నో రెట్లు బరువు ఉంటుంది. సర్పంచి నిన్న ఇచ్చిన లేఖ, నోటరీ ముందు ఈ వారం చేసిన అఫిడవిట్, ఇరుగుపొరుగు సంతకాలు, ఇవన్నీ మీరు పొలం మార్పిడి కోసం అడిగితే వచ్చినవి. 2016 జూన్‌లో ఏ పొలం గొడవా లేనప్పుడు, ఎవరికీ ఏ ప్రయోజనమూ లేకుండా తయారైన ఒక్క కాగితం ముందు అవి తేలిపోతాయి. మీ దగ్గర అలాంటివి కనీసం మూడు ఉన్నాయి, మీరు గమనించారో లేదో. మొదటిది ఆసుపత్రి డిశ్చార్జి పత్రం. రెండోది కర్మ కార్డు. మూడోది పంచాయతీ పింఛను పుస్తకంలో సిబ్బంది రాసిన మాట. ఇవి గాక రేషను కార్డులో ఆయన పేరు ఎప్పుడు తీసేశారు, ఓటర్ల జాబితాలో పేరు ఏ సంవత్సరం తొలగించారు, అప్పట్లో ఏదైనా పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన వేయించారా అన్నవి వెదకండి. రేషను కార్డు, ఓటర్ల జాబితా కచ్చితమైన తేదీని చెప్పలేవు. ఫలానా నెల తరువాత ఆయన లేరన్న హద్దును మాత్రం చూపుతాయి.

మీ ఇంట్లో కనిపించిన 14, 15 తేదీల తేడా మీకు కలవరం కలిగించినట్టుంది. ఇది చాలా ఇళ్లలో ఉండేదే, దీనికి కారణం కూడా తెలిసినదే. మన పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ప్రభుత్వ లెక్కలో తేదీ అర్ధరాత్రి మారుతుంది. మంగళవారం రాత్రి ఒంటిగంటన్నరకు పోయిన మనిషిని ఇంట్లో అందరూ మంగళవారం పోయారనే అంటారు, తిథి కూడా అలాగే చూస్తారు, కార్డు అచ్చువేయించినవారు అదే రాయిస్తారు. రిజిస్టరు లెక్కలో మాత్రం ఆయన పోయింది 15వ తేదీ బుధవారం. 2016 జూన్ 14 మంగళవారమేనని క్యాలెండరు చూసి సరిచూసుకోవచ్చు.

ఈ మాటను నోటితో చెబితే చాలదు, కాగితంతో నిలబెట్టాలి. అందుకు మీకు ఉపయోగపడేది డిశ్చార్జి పత్రం. దాని మీద డిశ్చార్జి చేసిన తేదీతో పాటు సమయం కూడా సాధారణంగా ఉంటుంది. అది 14వ తేదీ రాత్రి పదిన్నర అని ఉందనుకుందాం. ఆసుపత్రి నుంచి మీ ఊరికి అంబులెన్సులో గంటన్నర పడుతుందనుకుంటే ఇంటికి చేరేసరికి పన్నెండు. అక్కడి నుంచి గంటన్నర అంటే ఒంటిగంటన్నర, అంటే 15వ తేదీ. పింఛను పుస్తకంలో ఉన్నది కూడా అదే. కార్డులో 14 ఎందుకుందో పైన చెప్పిన కారణం వివరిస్తుంది. ఇలా మూడు కాగితాలు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఒకే తేదీని చూపుతాయి. ఈ వివరణను అఫిడవిట్‌లోనే రెండు వాక్యాల్లో రాయండి. కార్డును దాచిపెట్టి 15 అని మాత్రమే రాయడం తప్పు. విచారణలో ఎవరో ఆ కార్డు తీసి చూపినప్పుడు అన్ని కాగితాల మీదా అనుమానం పడుతుంది. డిశ్చార్జి పత్రం ఇంట్లో దొరకకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి నకలు అడగండి. అంత పాత రికార్డు వారి దగ్గర లేకపోవచ్చు. అప్పుడు అంబులెన్సు రసీదు గాని, బిల్లు గాని, మందుల చీటీ గాని తేదీతో ఉంటే అదే పెట్టండి.

సమయం లెక్క వేసి చూస్తే డిశ్చార్జి గంట వేరుగా ఉండి, మరణం అర్ధరాత్రికి ముందే జరిగినట్టు తేలితే, 14 అనే రాయాలి. పింఛను పుస్తకంలో ఉన్న తేదీకి సరిపెట్టడం కోసం నిజాన్ని జరపవద్దు. తెలిసి తెలిసి తప్పు సమాచారం ఇవ్వడం ఈ చట్టం కింద శిక్షార్హం, తప్పుడు ప్రమాణం చేయడం వేరే నేరం. అంతకన్నా పెద్ద కష్టం ఏమిటంటే, ఒకసారి నమోదైన తేదీని తరువాత మార్పించుకోవడం ఈ నమోదు కన్నా కష్టం.

దరఖాస్తుదారు ఎవరన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. పొలం వ్యవహారం మీరు చూస్తున్నారు కనుక మీ పేరిటే దరఖాస్తు పెట్టాలని మీకు అనిపించవచ్చు. పెట్టవచ్చు, అభ్యంతరం లేదు. కానీ ప్రమాణం చేయవలసినది మాత్రం చూసినవారు. మీరు మర్నాడు చేరారు. కనుక ఏ గంటకు, ఏ గదిలో పోయారన్నది మీకు విన్న మాట మాత్రమే. మీ అమ్మగారు, అన్నయ్య కళ్లారా చూశారు. మీ అమ్మగారి పేరిట దరఖాస్తు, ఆమె అఫిడవిట్, తోడుగా మీ అన్నయ్య అఫిడవిట్ ఉంటే ఫైలు బలంగా ఉంటుంది. ఆమె సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయవచ్చు. అయితే అందులో రాసినది ఆమెకు తెలుగులో చదివి వినిపించినట్టు నోటరీతో రాయించండి. ఏడాది దాటిన నమోదుకు అఫిడవిట్ తప్పనిసరి అని చట్టంలోని ఆ నిబంధనలో లేదు గాని, ఆర్డీఓ కార్యాలయాలు దాన్ని అడుగుతాయి, అడగడంలో అర్థముంది. అందులో చనిపోయిన తేదీ, సమయం, చోటు, అప్పుడు ఎవరెవరు ఉన్నారు, దహనమో ఖననమో ఎక్కడ జరిగింది, ఇంతకాలం ఎందుకు నమోదు చేయించలేదు అన్నవి ఉండాలి. ఆలస్యానికి కారణంగా "తెలియక" అని రాయడానికి సంకోచించకండి. అదే నిజమైతే అదే రాయాలి. అందమైన కారణం కల్పించి రాస్తే విచారణలో మీ అన్నయ్య వేరే కారణం చెబుతారు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. మీ నాన్నగారి పేరు ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పుస్తకంలో ఒక రకంగా, రేషను కార్డులో ఇంకో రకంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆర్డీఓ ఉత్తర్వులో ఏ పేరుంటే రిజిస్ట్రారు అదే పేరు రాస్తారు, దాన్ని తనంతట తాను మార్చరు. మీకు ధ్రువపత్రం పొలం కోసం కావాలి కనుక పాస్‌పుస్తకంలో ఉన్న పేరు దరఖాస్తులో కనిపించి తీరాలి. రెండు పేర్లూ ఉంటే మధ్యలో "అను" అని చేర్చి రెండూ రాసి, రెండూ ఒకే మనిషివని అఫిడవిట్‌లో చెప్పండి. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాయకండి. ఈ ఒక్క అజాగ్రత్త వల్ల ధ్రువపత్రం చేతికి వచ్చాక కూడా పొలం మార్పిడి ఆగిపోయిన కుటుంబాలున్నాయి.

దరఖాస్తు చేరాక ఆర్డీఓ దాన్ని విచారణ కోసం తహసీల్దారుకు పంపుతారు. తహసీల్దారు తరఫున రెవెన్యూ సిబ్బంది ఊరికి వచ్చి, మీ ఇంటివాళ్లనూ ఇరుగుపొరుగువాళ్లనూ విడివిడిగా అడిగి, వాంగ్మూలాలు రాసుకుని పంచనామా చేస్తారు. ఆ పంచుల్లో ఆ రాత్రి వచ్చి చూసినవారో, దహనానికి వెళ్లినవారో ఉంటే మంచిది. ఊరి పెద్ద అన్న కారణంతో మాత్రమే ఎవరినో నిలబెడితే, తేదీ అడిగినప్పుడు ఆయన తడబడతారు. సాక్షులకు తేదీ బట్టీ పట్టించకండి. ఇన్నేళ్ల కిందటి తేదీని నలుగురు ఒకేలా ఒప్పజెబితే విచారణకు వచ్చినవారికే అనుమానం వస్తుంది. "వానాకాలం మొదట్లో, మంగళవారం అర్ధరాత్రి దాటాక కబురు వచ్చింది" అని తమకు గుర్తున్నట్టు చెబితే చాలు, తేదీ పని కాగితాలు చూసుకుంటాయి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల అంగీకారం లేకుండా నమోదు కాదని ఎవరైనా చెప్పి ఉంటే అది నిజం కాదు. మరణం నమోదుకు వారసుల సమ్మతి అవసరం లేదు. అయితే విచారణలో ఒకరు తేదీ మీద అభ్యంతరం చెబితే ఫైలు ఆగుతుంది. అందుకని పొలం వాటాల మాట మీ మధ్య తేలనిదైనా, తేదీ, చోటు వరకు అందరూ ఒకే వాస్తవాన్ని ఒప్పుకుని సంతకాలు పెట్టిన ఒక కాగితం జతచేయడం ఉపయోగకరం.

విచారణ నివేదిక తహసీల్దారు నుంచి తిరిగి వెళ్లాక ఆర్డీఓ ఉత్తర్వు ఇస్తారు. దాన్ని పంచాయతీ కార్యదర్శికి చేర్చి, నిర్ణీత రుసుము కడితే నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తారు. ఉత్తర్వు చేతికి రాగానే, పంచాయతీకి వెళ్లకముందే, పేరు, తేదీ, గ్రామం, మండలం అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే ఆ దశలోనే ఆర్డీఓ కార్యాలయంలో సరిచేయించుకోవడం తేలిక. ధ్రువపత్రంలో మరణించిన తేదీ 2016 అని, నమోదు తేదీ ఈ సంవత్సరానిదని ఉంటుంది. అది తప్పు కాదు, ఆలస్య నమోదు అలాగే ఉండాలి. రెవెన్యూ కార్యాలయంలో ఎవరైనా ఆ తేడాను ప్రశ్నిస్తే ఆర్డీఓ ఉత్తర్వు నకలు చూపండి. అందుకని దాని నకళ్లు రెండు మూడు మీ దగ్గర ఉంచుకోండి. మరణ కారణం ధ్రువపత్రంలో కనిపించదు, నకలులో దాన్ని వెల్లడించకూడదని చట్టమే చెబుతోంది.

ఉత్తర్వు వచ్చాక కూడా రిజిస్ట్రారు నమోదు చేయకుండా తిప్పుతుంటే, 2023 సవరణ మీకు ఒక దారి ఇచ్చింది. రిజిస్ట్రారు చర్య మీద 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు, దానిపై 90 రోజుల్లో నిర్ణయం రావాలి. ఇందుకోసం నిరాకరణను నోటి మాటగా వదిలేయకుండా రాతలో తీసుకోండి. ఇవ్వకపోతే మీ దరఖాస్తు అందినట్టు తేదీతో కూడిన రసీదైనా ఉంచుకోండి.

ధ్రువపత్రం ఆయన పోయారని మాత్రమే చెబుతుంది, వారసులెవరో చెప్పదు. పొలం మార్పిడికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం విడిగా కావాలి, దానికి దరఖాస్తు చేసేటప్పుడు ఈ మరణ ధ్రువపత్రాన్నే ఆధారంగా అడుగుతారు. కాబట్టి రెండింటికీ ఒకేసారి పరుగెత్తకుండా ముందు ఇది చేతికి వచ్చాకే దాని పని మొదలుపెట్టండి.